ఆపేశా అన్న మాట

సబ్‌స్టేషన్‌లో అతన్ని అందరూ "వచ్చేశా సారు" అనేవాళ్లు. ఎవరు ఎక్కణ్ణుంచి కేకేసినా "వచ్చేశా, వచ్చేశా" అని బదులిచ్చేవాడు. మనిషి మాత్రం చేతిలో పని ముగించుకుని, చేతులు తుడుచుకుని, నింపాదిగా వచ్చేవాడు. తన చురుకుదనం చూసి ముచ్చటపడి పెట్టిన పేరని అతని నమ్మకం. అందులో వెటకారం ఉందని ఎవరూ చెప్పలేదు. అతనంటే అందరికీ ఇష్టం మరి.

తెలుగు అతని సొంత భాష కాదు. పాతికేళ్లు నిండకముందే వేరే భాష మాట్లాడే చోటు నుంచి వచ్చి కంట్రోల్ రూములో ఆపరేటరుగా చేరాడు. వచ్చిన కొత్తలో మంచినీళ్లు కావాలన్నా బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించేవాడు. ఏడాది తిరిగేసరికి లైన్‌మెన్‌తో పోటీపడి జోకులేశాడు. ఇంకో ఏడాదికి ఆఫీసులో బిల్లుల సెక్షన్‌లో పనిచేసే అమ్మాయిని ఈ భాషలోనే బతిమాలి, ఈ భాషలోనే ఒప్పించి పెళ్లి చేసుకున్నాడు. కూతురు పుట్టాక ఈ భాషలోనే జోకొట్టాడు. కోపం వస్తే ఈ భాషలోనే తిట్టేవాడు, అదీ మంచి ధాటిగా. ఇక నేర్చుకోవాల్సింది ఏముంది? ఉద్యోగం నడుస్తోంది, సంసారం నడుస్తోంది. అక్కడితో నేర్చుకోవడం ఆగిపోయింది. ఆగిపోయినట్టు అతనికి తెలియదు.

కొత్తలో చేసిన తప్పులు చాలావరకు వాటంతట అవే రాలిపోయాయి. ఒకటి మాత్రం రాలలేదు. చెయ్యబోయే పనిని చేసేసినట్టు చెప్పేవాడు. వాళ్ల భాషలో అది తప్పు కాదు. అక్కడ ఎవరైనా ఏదైనా అడిగితే "ఇప్పుడే చేశాను" అంటారు. క్షణంలో చేస్తాను, అయిపోయిందనుకో అని దాని అర్థం. అదొక మర్యాద, ఒక భరోసా. ఆ అలవాటు తెలుగు మాటలు తొడుక్కుని అలాగే వచ్చేసింది. తెలుగువాళ్లు కూడా వీధి చివర్నుంచి "ఇదిగో వచ్చేశా" అంటారు కదా! అది విన్నప్పుడల్లా తను మాట్లాడేది సరైనదేనని అతనికి మరింత నమ్మకం కుదిరింది. తెలుగువాళ్లు ఆ ముక్క ఎక్కడ వాడతారో, ఎక్కడ చచ్చినా వాడరో అతనికి పట్టుబడలేదు. పట్టుబడాల్సిన అవసరమూ రాలేదు.

ఆ అవసరం రాకుండా అడ్డుపడ్డవాడు లైను మేస్త్రీ. ముప్పై మంది లైన్‌మెన్‌ని ఆడించిన ముసలాయన. స్తంభం ఎక్కాలంటే ముందు కంట్రోల్ రూముకి ఫోన్ చేసి ఎల్సీ తీసుకోవాలి. అంటే బ్రేకరు పిడి తిప్పి ఫలానా లైనులో కరెంటు ఆపేశాం, ఇక పని చేసుకోవచ్చు అని ఆపరేటరు ఒక నంబరుతో సహా ఇచ్చే మాట. ఫోన్లో "ఆపేశా" అని వినపడగానే మేస్త్రీ నవ్వేవాడు.

"ఆపేశావా, ఆపుతావా సారూ? చేతులు ఎక్కడున్నాయి? బ్రేకరు మీదా, టీ గ్లాసు మీదా?"

"బ్రేకరు దగ్గరికే వెళ్తున్నా మేస్త్రీ."

"వెళ్లు. వెళ్లి, ఆపి, నంబరు చెప్పు. అందాకా మావాళ్లు కింద బీడీలు కాల్చుకుంటారు."

పాత లైన్‌మెన్ అందరికీ ఈ సంగతి తెలుసు. వచ్చేశా సారు ఆపేశా అన్నాడంటే ఇంకా ఆపలేదన్నమాట. నంబరు చెప్పాడంటే ఆపినట్టు. వాళ్లకి వాళ్లే అనువాదం చేసుకునేవాళ్లు. అదంతా అతని మీద అభిమానంతోనే.

ఆ చలికాలంలో అతని తోడల్లుడు బదిలీ మీద అదే సెక్షనుకి లైన్‌మన్‌గా వచ్చాడు. భార్య చెల్లెలి మొగుడు. మంచి పనిమంతుడు, చిరచిరలాడే మనిషి. అన్నయ్యా అని పిలుస్తాడు గానీ పండక్కో పబ్బానికో తప్ప ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నది తక్కువ. అతని మాటతీరు తోడల్లుడికి పెద్దగా తెలియదు. పాత సెక్షనులో ఆపేశా అన్న మాట వినపడితే చాలు, నంబరు కోసం ఆగకుండా ఎక్కేసేవాళ్లు.

ఒకరోజు మధ్యాహ్నం మేస్త్రీ ఒంట్లో బాగోలేక రాలేదు. బడి పక్కన స్తంభం మీద తీగని మోసే పింగాణీ కప్పు పగిలిందని తోడల్లుడు వెళ్లాడు. ఎర్తు రాడ్డు ఇంకో చోట పనికి వెళ్లిన బండిలో ఉండిపోయింది. లైనులో కరెంటు లేదని రూఢి చేసుకోవడానికీ, పని చేస్తున్నంతసేపూ దాన్ని నేలకి కలిపి ఉంచడానికీ కావాల్సింది అదే. బడి వదిలేలోగా పని అయిపోవాలి. ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, మూడో లైను ఆపాలి. బడి దగ్గర."

"ఆపేశా, ఆపేశా."

వచ్చేశా సారు ఫోన్ పెట్టేశాడు. లేచాడు. రెండడుగులు వేసేసరికి పక్క ప్యానెల్ మీద ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కిందన్న గంట మోగింది. ముందు అటు వెళ్లి గంట ఆపి, ముల్లు చూసి, ఏదో రాసుకుని, మూడో ప్యానెల్ వైపు తిరిగాడు. చెయ్యి చాపాడు. బ్రేకరు పిడి ఇంకా జానెడు దూరంలో ఉండగానే లోపల టప్పుమని చప్పుడైంది. ఎర్ర దీపం ఆరిపోయి పచ్చది వెలిగింది.

బ్రేకరు దానంతట అదే కరెంటు ఆపేసింది. లైను ఎక్కడో నేలని తాకింది. అంటే ఎవర్నో పట్టుకుంది.

చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

బెల్టు పట్టి ఉంచడంతో తోడల్లుడు కింద పడలేదు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి దక్కలేదు. ఆస్పత్రిలో మోచేతి పైదాకా తీసేశారు.

విచారణలో ఇంజనీరు ముందు కూర్చున్నప్పుడు అతను ఒక్కటే మాట చెప్పాడు. "నేను ఆపేస్తున్నాననే చెప్పాను సార్. ఆపానని చెప్పలేదు."

కంట్రోల్ రూము ఫోన్లన్నీ రికార్డవుతాయి. ఇంజనీరు మీట నొక్కాడు. "ఆపేశా, ఆపేశా." తన గొంతే. హుషారుగా ఉంది.

"ఇదేనా మీరన్నది?"

"ఇదే సార్. ఆపేస్తున్నా అని."

ఇంజనీరు అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. అబద్ధమాడేవాడి మొహం అలా ఉండదు. మళ్లీ వేశాడు. మళ్లీ అదే. మూడోసారి విన్నప్పుడు అతనికి ఏదో చెవిలో గుచ్చుకుంది. ఇన్నేళ్లుగా తను ఏమనుకుంటున్నాడో అదే విన్నాడు తప్ప ఏమంటున్నాడో ఎప్పుడూ వినలేదు.

నంబరు లేకుండా ఎక్కడం, రాడ్డు పెట్టకపోవడం లైన్‌మన్ తప్పు అన్నారు. అన్ని సెక్షన్లలోనూ నోటిమాట మీదే పనులు నడిపించడం ఆఫీసు తప్పు అన్నారు. అతని తప్పుకి ఏం పేరు పెట్టాలో వాళ్లకి తెలియలేదు. భాషా తరగతికి వెళ్లి, పరీక్ష నెగ్గేదాకా కంట్రోల్ రూము ఫోన్ ముట్టకూడదని ఆర్డరిచ్చి, మీటర్లు పరీక్షించే గదిలో కూర్చోబెట్టారు.

ఆ సాయంత్రం భార్య వంటింట్లో గట్టుకి ఆనుకుని నిలబడి ఉంది. చెల్లెలు ఆస్పత్రి వరండాలో తన మొహం మీదే తలుపేసిందట.

"నేనలా మాట్లాడతానా?" అని అడిగాడు.

ఆమె గట్టు మీది గిన్నెలు సర్దుతోంది.

"చెప్పు. నేనెప్పుడూ అలానే మాట్లాడతానా?"

"ఎప్పుడూ అంతే అంటారు మీరు. వచ్చేశా అంటే ఇంకో గంటకి వస్తారని నేను బియ్యం కడగను. ఫోన్ చేసేశా అంటే చెయ్యలేదని గుర్తుచేస్తాను."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మొదట్లో ముద్దొచ్చేది." అందామె. "మా అమ్మ కూడా నవ్వేది. తరవాత తరవాత... వినపడ్డం మానేసిందండీ. నిజంగా. మీరేమన్నా నాకు మీరు అనుకున్నదే వినపడేది."

అతను గోడకి జారగిలబడ్డాడు. ఇంటినిండా ప్రేమే. ఆ ప్రేమలో ఎవరికీ తప్పు వినపడలేదు.

తరగతి ఒక పాత బడిలో, పిల్లల బెంచీల మీద జరిగేది. కొత్తగా వచ్చిన తాపీ పనివాళ్లు, ఒక దర్జీ, ఇద్దరు ఆయాలు ఉండేవాళ్లు. వాళ్ల మధ్య నెరిసిన జుట్టుతో, మోకాళ్లు బల్లకి తగులుతుండగా అతను. మొదటి రోజు వాళ్లు అతన్నే పంతులనుకుని లేచి నిలబడ్డారు. పాఠం చెప్పేది ఒక నడివయసు టీచరమ్మ. పెద్దవాళ్లకి భాష నేర్పడమే ఆమె పని. అతనితో పది నిమిషాలు మాట్లాడి పుస్తకం మూసేసింది.

"మీకు నేను నేర్పేదేం లేదండీ. వాళ్లకి రానిది నేర్పాలి. మీకు వచ్చింది మాన్పించాలి. ఈ రెండోదే కష్టం."

"మాన్పించండి మేడం. ఎంత కష్టమైనా సరే."

ఆమె ఒక కాగితం మీద వాక్యాలు రాసిచ్చింది. చెయ్యబోయేది, చేస్తున్నది, చేసేసినది విడదీసి రాయమంది. అన్నీ సరిగ్గా రాశాడు, ఒక్క తప్పూ లేదు. మొహం విప్పారింది. అప్పుడామె కాగితం పక్కనపెట్టి, "ఇంటికెళ్లగానే ఏం చేస్తారు?" అని మామూలుగా అడిగింది.

"ఇంటికెళ్లగానే స్నానం చేసేశా, మా ఆవిడకి కూరలు తరిగేసి ఇచ్చేశా..."

తనే ఆగిపోయాడు.

"చూశారా? మీకు తెలీక కాదు" అందామె. "రాసేటప్పుడు మీ ధ్యాస మాట మీద ఉంటుంది. మాట్లాడేటప్పుడు ధ్యాస కూరల మీద ఉంటుంది. ధ్యాస పక్కకి పోగానే నోరు తనకి అలవాటైన దారి పట్టేస్తుంది. కొత్తలో మనిషి రోజూ తప్పు చేస్తాడు, రోజూ దిద్దుకుంటాడు. ఎందుకంటే అర్థం కాకపోతే పని జరగదు. పని జరిగిపోతుంటే బుర్ర ఇంక దిద్దుకోదు. దానికేం పని? మీ తప్పుతో కూడా అన్ని పనులూ జరిగాయి. జరిగిన ప్రతిసారీ ఇది సరైనదేనని మీ బుర్ర ఒక ముద్ర వేసుకుంది. అలా వేసుకుంటూ వేసుకుంటూ రాయి కట్టేసింది."

"రాయిని పగలగొట్టలేమా?"

"పగలగొట్టలేం. పక్కనుంచి కొత్త దారి వేసుకోవాలి. పాతదానికంటే అదే ముందు గుర్తొచ్చేదాకా నడవాలి. పాత దారి ఎక్కడికీ పోదు. అలిసిపోయినా, భయపడ్డా కాళ్లు మళ్లీ అటే వెళ్తాయి."

అతను కోరుకున్న జవాబు అది కాదు.

టీచరమ్మ మొదట పెన్సిలుతో పని మొదలుపెట్టింది. అతను మాట్లాడుతుంటే తప్పు దొర్లిన చోటల్లా బల్ల మీద టక్కుమని కొట్టేది. వారం తిరిగేసరికి అతను మాట్లాడ్డం మానేశాడు. ఇంట్లోనూ అంతే. నోరు తెరిస్తే ఎక్కడ టక్కుమంటుందోనని ముందు వాక్యాన్ని లోపల కట్టుకుని, తిప్పి చూసుకుని, అప్పటికి అవతలివాళ్లు వేరే మాటలోకి వెళ్లిపోతే ఊరుకునేవాడు. ఇల్లంతా పకపకలాడించినవాడు గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఇంకోవైపు కొత్త రోగం పట్టుకుంది. చేసేసిన పనికి కూడా చేస్తున్నా అనడం మొదలుపెట్టాడు. "అన్నం తిన్నారా?" అంటే "తింటున్నా" అని ఖాళీ కంచం కడిగేవాడు.

"నాకు ఉన్న భాషా పోయింది మేడం" అన్నాడొకరోజు, కళ్లు ఎర్రబడి. "ముప్పై ఏళ్లు ఇందులోనే బతికాను. ఇప్పుడు అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నా."

ఆమె పెన్సిలు పక్కన పడేసింది. "నాదే తొందర. అన్నీ ఒకేసారి దిద్దబోయాను. ఒక్కదాన్నే పట్టుకుందాం. ఎక్కడైతే ప్రాణం పోతుందో ఆ ఒక్కదాన్ని. మీ ప్యానెల్ దగ్గర ఆపేముందు ఏ దీపం వెలుగుతుంది?"

"ఎర్రది. ఆపాక పచ్చది."

"అయితే మాటని మీ బుర్రకి వదిలెయ్యకండి. దీపానికి కట్టండి. ఎర్రది ఉన్నంతసేపూ 'ఆపలేదు'. ఆ మాట మీద పొరబడే అవకాశం లేదు. చెయ్యి పిడి మీదున్నప్పుడు 'ఆపుతున్నా'. పచ్చది వెలిగి, కళ్లారా చూశాక 'ఆపాను'. పైకి అనండి, పని చేస్తూ అనండి. కూర్చుని వల్లె వేస్తే లాభం లేదు. ఇంకోటి, మీ ఇంట్లోవాళ్లని మిమ్మల్ని అర్థం చేసుకోవద్దని చెప్పండి."

"అంటే?"

"మీరేమంటే అదే నిజమనుకుని నడుచుకోమనండి."

ఆ రాత్రి నుంచి ఆ ఇంట్లో ఒక వింత కాపురం మొదలైంది. అతను ఫ్యాను మీట దగ్గర నిలబడి "ఆపలేదు... ఆపుతున్నా... ఆపాను" అనుకునేవాడు. దీపం మీట దగ్గరా అంతే, నీళ్ల మోటారు దగ్గరా అంతే. కూతురు మొదటిరోజు పడీపడీ నవ్వింది. రెండో రోజు తండ్రి మొహం చూసి నవ్వు మానేసింది. ఒక పొద్దున అతను వరండాలోంచి "పాలు దించేశా" అన్నాడు. భార్య సరేనని పెరట్లోకి వెళ్లి బట్టలు ఆరేసుకుంటూ నిలబడింది. పాలు పొంగి, మాడి, ఇల్లంతా కమురు వాసన. ఆమె వచ్చి, పొయ్యి కట్టేసి, "దించేశానన్నారుగా" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. చెప్పినట్టు నడుచుకుంది, అంతే. అతను మాడిన గిన్నె తోముతూ ఏడ్చాడు.

ఆఫీసులో పరీక్ష పెట్టారు. ఉత్తుత్తి ఫోన్లే. మొదటి నాలుగూ బాగా చెప్పాడు. ఐదోదాని మధ్యలో కావాలనే గంట మోగించారు. "ఆపేశా" అన్నాడు.

ఇంజనీరు చెవి దగ్గర్నుంచి ఫోన్ దించాడు. "ఇంకొన్నాళ్లు ఆగుదాం" అన్నాడు మెల్లిగా.

అతను అక్కణ్ణుంచి ఇంటికి వెళ్లలేదు. నేరుగా తోడల్లుడి ఇంటికి వెళ్లాడు. ఇన్నాళ్లూ ఆ గడప తొక్కే ధైర్యం చాల్లేదు. మరదలు తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా, పొమ్మనకుండా పక్కకి జరిగింది. తోడల్లుడు కుర్చీలో ఉన్నాడు. బల్ల మీద నీళ్ల గ్లాసుంది. దాన్ని అందుకోబోయి కుడి భుజం ముందుకి కదిలింది, చొక్కా ఖాళీ చెయ్యి ఊగింది. అప్పుడు గుర్తొచ్చి ఎడమ చెయ్యి చాపాడు.

అతను నిలబడే చెప్పాడు. వాళ్ల భాష సంగతి, మేస్త్రీ సంగతి, రికార్డు సంగతి. తడబడుతూ, ప్రతి మాటా వెతుక్కుంటూ.

"అంటే నువ్వు అబద్ధం చెప్పలేదంటావ్" అన్నాడు తోడల్లుడు.

"లేదు."

"నేనిన్నాళ్లూ ఏమనుకున్నానో తెలుసా? టీ తాగుతూ కూర్చుని, బద్ధకించి అబద్ధం చెప్పావనుకున్నా. నిన్ను తిట్టుకుంటే నొప్పి కాస్త తగ్గేది. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోవాలి? వ్యాకరణాన్నా?"

తోడల్లుడు గ్లాసు తాగకుండానే బల్ల మీద పెట్టేశాడు.

"నీకు ఈ భాష సరిగ్గా వచ్చేస్తే నాకు చెయ్యి మొలుస్తుందా?"

"మొలవదు."

"మరెందుకొచ్చావ్?"

"రేపు ఇంకొకరు ఎక్కుతారు" అన్నాడతను. "నేను ఇవాళ మళ్లీ అదే మాట అన్నాను. పరీక్షలో. నా చేతుల్లో ఏం లేదు తమ్ముడూ. దాని పాటికి అదే వచ్చేస్తోంది. చచ్చిపోవాలనిపిస్తోంది."

లోపల్నుంచి మరదలి గొంతు వచ్చింది. "చావడాలు ఇక్కడ మాట్లాడకండి బావా. మేం చూసింది చాలు."

అతను తల వంచుకుని వెళ్లిపోయాడు.

రెండు రోజుల తరవాత మీటర్ల గదిలో ఉండగా జేబులో ఫోన్ మోగింది. ఎత్తాడు.

"అన్నయ్యా, మూడో లైను ఆపాలి. బడి దగ్గర."

అదే గొంతు, అవే మాటలు. నోట్లోంచి అప్పటికే "ఆపే..." వచ్చేసింది. అవతల ఫోన్ పెట్టేశారు.

ఆ తరవాత ఎప్పుడు పడితే అప్పుడు మోగేది. అన్నం ముందు కూర్చున్నప్పుడు, బస్సులో ఉన్నప్పుడు, బజారులో సంచీ మోస్తున్నప్పుడు. పలకరింపు లేదు, యోగక్షేమాలు లేవు. ఆ ఒక్క మాట, తరవాత నిశ్శబ్దం. తప్పు చెబితే టక్కున పెట్టేసేవాడు. అది కోపమో, సాయమో అతనికి అర్థమయ్యేది కాదు. బహుశా తోడల్లుడికీ తెలియదు. భార్య ఒకసారి ఫోన్ లాక్కోబోయింది. "చంపేస్తున్నాడు మిమ్మల్ని!"

"ఉండనీ. ఎవరు అడిగినా నేను సరిగ్గా చెప్పగలుగుతున్నా, ఆ గొంతు అడిగితే తప్ప. అందుకే అదే కావాలి."

టీచరమ్మకి ఈ సంగతి చెప్పాడు. "నేనైతే ఈ పని చెయ్యమని ఎవరికీ చెప్పను. కానీ పొరబాటు ఎక్కడ జరిగిందో అక్కడే సాధన చెయ్యాలన్నది మాత్రం నిజం. తరగతి గదిలో వచ్చిన మాట, గుండె దడదడలాడేటప్పుడు రావాలంటే, గుండె దడదడలాడేటప్పుడే పలకాలి" అంది.

వానలు మొదలయ్యే వేళకి ఒకరోజు ఆ ఫోన్‌కి అతను "ఆపలేదు. ఎక్కకు" అన్నాడు. అవతల ఫోన్ పెట్టెయ్యలేదు. ఊపిరి వినపడుతోంది. ఎదురుగా ప్యానెల్ లేదు. అయినా అతను కళ్లు మూసుకుని, చెయ్యి చాపి, లేని పిడిని తిప్పాడు. "ఆపుతున్నా." ఆగాడు. "ఆపాను. పచ్చ దీపం చూశాను." అప్పుడు అవతలివాడు ఫోన్ పెట్టేశాడు.

రెండో పరీక్ష నెగ్గాడు. గంటలు మోగించినా, మధ్యలో ఇద్దరు పక్కన నిలబడి కేకలేసుకున్నా నెగ్గాడు. ఆఫీసు కూడా పద్ధతి మార్చింది. నంబరు లేకుండా ఎవరూ స్తంభం ముట్టకూడదు, ఆపరేటరు చెప్పిన మాట లైన్‌మన్ తిరిగి చెప్పాలి, రాడ్డు లేని బండి కదలకూడదు. అతన్ని మళ్లీ ఫోన్ దగ్గర కూర్చోబెట్టారు, పక్కన ఇంకో ఆపరేటరుని పెట్టి.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒక మధ్యాహ్నం పెద్ద గాలివాన వచ్చింది. చెట్లు విరిగి లైన్ల మీద పడ్డాయి. ప్యానెళ్లన్నీ ఒక్కసారి గోల పెట్టాయి. పక్క ఆపరేటరు అటు పరిగెత్తాడు. ఫోన్ మోగింది. వానలో తడుస్తూ ఎవరో లైన్‌మన్ అరుస్తున్నాడు. "సార్! మూడో లైను తెగి రోడ్డు మీద పడింది, జనం ఉన్నారు! ఆపండి సార్, త్వరగా!"

పాత మాట నాలుక మీదికి వచ్చేసింది. పూర్తిగా వచ్చేసింది. పళ్లు బిగించి పట్టుకున్నాడు. దాన్ని లోపలికి నెట్టాడు గానీ, దాని చోటులోకి ఇంకో మాట రాలేదు. తీగ పడ్డా బ్రేకరు ఈసారి దానంతట అది కరెంటు ఆపలేదు, మూడో ప్యానెల్ మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. దాన్ని చూస్తున్నాడు, దాని పేరు తెలియనట్టు.

"సార్! ఉన్నారా సార్?"

"ఉన్నా." గొంతు చీరుకుపోయినట్టు వచ్చింది. "ఆపలేదు. ఆపలేదు! ఎవర్నీ ముట్టుకోనివ్వకు!"

ఫోన్ చేతిలో పట్టుకునే పరిగెత్తి పిడి తిప్పాడు. పచ్చ దీపం వెలిగింది. "ఆపాను." నంబరు చెప్పాడు. అవతలివాడు తిరిగి చెప్పాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

వాన వెలిశాక పక్క ఆపరేటరు భుజం తట్టాడు. "శభాష్ సార్. అంత గోలలోనూ మాట తప్పలేదు!" ఆ మాట వెనక ఏముందో అతనికొక్కడికే తెలుసు.

సాయంత్రం ఇంజనీరు గదికి వెళ్లాడు. "నన్ను ఫోన్ దగ్గర్నుంచి తీసెయ్యండి సార్."

"ఎందుకు? ఇవాళ మీరు చేసింది సరైన పనే కదా?"

"ఇవాళ గెలిచాను సార్. ఆ మాట వచ్చింది, ఆపుకున్నాను. ఆపుకోవడానికి పట్టిన టైములో ఆ రోడ్డు మీద ఒకరు పోయేవాళ్లే. చిన్న పనులప్పుడు నాకు కొత్త మాటే వస్తోంది, వెతుక్కోకుండా వస్తోంది. కానీ అన్నీ ఒకేసారి మీద పడ్డప్పుడు ముందొచ్చేది పాతదే. ఎన్నాళ్లకి వెనక్కి తగ్గుతుందో నాకు తెలీదు. టీచరమ్మకీ తెలీదు. తెలీనిదాని మీద మనుషుల్ని ఎక్కించలేను."

ఇంజనీరు వద్దని చెప్పి చూశాడు. చివరికి మళ్లీ మీటర్ల గదికి పంపించాడు.

ఆ సంగతి చెబుదామని తోడల్లుడికి తనే ఫోన్ చేశాడు, మొదటిసారి. అంతా విని తోడల్లుడు, "అంటే నేనిన్నాళ్లూ చేసింది వృథానేనా?" అన్నాడు.

"వృథా కాదు. లేకపోతే ఇవాళ ఆపేశా అనేవాణ్ణి. వాళ్లు తీగ పక్కకి లాగేవాళ్లు."

అవతల మరదలు ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు.

"నువ్వు పారిపోయావన్నయ్యా" అన్నాడు తోడల్లుడు చివరికి. గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "నేనైతే చెయ్యి ఉంటే రేపే స్తంభం ఎక్కుతాను."

"తెలుసు" అన్నాడతను.

ఆ తరవాత ఆ ఫోన్లు రాలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. భార్య ఊపిరి పీల్చుకుంది. అతనికి మాత్రం ఆ ప్రశాంతత భయం పుట్టించింది. అడిగేవాళ్లు లేకపోతే కొత్త దారి మీద గడ్డి మొలుస్తుంది. ఒక ఆదివారం ఉదయం కూతుర్ని పిలిచి, రోజుకొకసారైనా తనకి చెప్పకుండా ఫోన్ చేసి లైను ఆపమని అడగమన్నాడు. ఆ పిల్ల, "నావల్ల కాదు నాన్నా. బాబాయి గొంతుతో నేను మాట్లాడలేను" అని గదిలోకి వెళ్లిపోయింది. అతను కాసేపు వరండాలో నిలబడి, చెప్పులు వేసుకుని, అక్కడైనా అడిగేవాళ్లు దొరుకుతారని, ఆదివారమూ నడిచే టీచరమ్మ తరగతికి బయల్దేరాడు.